గడువు పొడిగించమని గైడ్‌కు మెయిల్ రాయడం: ముందు లెక్క, తర్వాత ఉత్తరం

ప్రతి ఏడాదీ మార్చి మొదటి వారంలో నాకు ఒకే రకం మెయిళ్లు వస్తాయి. "మేడమ్, కొన్ని కారణాల వల్ల ప్రాజెక్టు ఆలస్యమైంది. దయచేసి ఒక వారం గడువు ఇవ్వగలరు." రెండు వాక్యాలు, కింద ఒక పేరు. ఆ వారం ఇస్తాను. వారం తిరిగేసరికి అదే మెయిల్ మళ్లీ వస్తుంది. నిజానికి ఆ పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. తమకు ఎన్ని రోజులు కావాలో వాళ్లు లెక్క వేసుకోలేదు, అంతే. "వారం" అనేది అడగడానికి నోటికి తేలికగా వచ్చే మాట, పనిని కొలిచి తేల్చిన అంకె కాదు.

అందుకే ఈ వ్యాసంలో మెయిల్ చివర వస్తుంది. కొత్త ప్రణాళిక ముందు తయారైతే మెయిల్ పావుగంటలో రాసెయ్యవచ్చు. ఎం.ఏ. తెలుగు చివరి సెమిస్టర్ విద్యార్థిని ఒకరిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమె అంశం ఒగ్గుకథ: మల్లన్న, బీరప్ప కథలను కళాకారులు ప్రదర్శించే తీరు. ఎనిమిది మంది కళాకారులతో ఇంటర్వ్యూలు చేయాలని అనుకుంది. పూర్తి డ్రాఫ్టును 2026 మార్చి 16, సోమవారం నాటికి ఇస్తానని గైడ్‌కు చెప్పింది. శాఖకు బైండింగు చేసిన ప్రతులు ఇవ్వాల్సింది ఏప్రిల్ 30న. ఇవాళ మార్చి 5. ఐదు ఇంటర్వ్యూలే అయ్యాయి.

ఆ గడువు ఎవరిది?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మీ ముందు రెండు గడువులు ఉంటాయి. డ్రాఫ్టు ఫలానా రోజుకు ఇమ్మని గైడ్ పెట్టినది ఒకటి. ప్రాజెక్టు ఫలానా తేదీకి సమర్పించాలని శాఖో, పరీక్షల విభాగమో నోటీసు వేసినది రెండోది. మొదటిదాన్ని గైడ్ ఒక్క మాటతో మార్చగలరు. రెండోదాన్ని గైడ్ మార్చలేరు. దానికి గైడ్ సిఫారసుతో శాఖాధిపతి ద్వారా దరఖాస్తు వెళ్లాలి, ఆధారాలు జతచేయాలి, ఒక్కోచోట ఆలస్య రుసుము కట్టాలి. చివరి గడువు జరపమని గైడ్‌ను అడిగితే, చేతిలో లేనిదాన్ని ఇమ్మన్నట్టు అవుతుంది. ఆ మెయిల్‌కు జవాబు రాకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

పీహెచ్‌డీ వాళ్లకైతే సంగతి వేరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రవేశం నుంచి ఆరేళ్లలో పూర్తిచేయాలి. ఆపైన రీ-రిజిస్ట్రేషన్ ద్వారా గరిష్ఠంగా మరో రెండేళ్లు దొరుకుతుంది. ఆ పొడిగింపు పరిశోధనా సలహా సంఘం దాకా వెళ్లే వ్యవహారం, మెయిల్‌తో తేలేది కాదు. ఒక అధ్యాయానికో, ఒక నివేదికకో గైడ్ పెట్టిన గడువు గురించి అయితే మాత్రం ఇక్కడ చెప్పేది వాళ్లకూ పనికొస్తుంది.

మన ఉదాహరణలో విద్యార్థిని కదిలించాలనుకుంటున్నది మార్చి 16ను మాత్రమే. ఏప్రిల్ 30 కదలదు. ఈ రెండో మాటను మెయిల్‌లో స్పష్టంగా రాయాలి. గైడ్‌కు మొదట వచ్చే భయం "శాఖ గడువు కూడా తప్పుతుందేమో, రేపు నన్ను అడుగుతారేమో" అన్నదే.

మిగిలిన పనిని కొలవండి

"ఇంకా కొంచెం ఉంది" అనే మాటను గంటల్లోకి మార్చాలి. ఈ విద్యార్థిని దగ్గర ఉన్న లెక్క ఇది. మొదటి రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి. మూడోది సగమైంది. అయిన ఐదు ఇంటర్వ్యూల రికార్డింగులు కలిపి ఏడు గంటలు. అందులో మూడు గంటలది విని కాగితం మీద పెట్టింది, నాలుగు గంటలది మిగిలింది. ఇంకా ముగ్గురు కళాకారులను కలవాలి.

అసలు చిక్కు ఆ రికార్డింగుల్లో ఉంది. మామూలు మాటను విని ఉన్నదున్నట్టు రాయడానికే గంట రికార్డింగుకు నాలుగైదు గంటలు పడుతుంది. ఒగ్గుకథలో డోలు, తాళాలు మోగుతుంటే, ప్రధాన కథకుడి మాట మీద వంతలు గొంతు కలుపుతుంటే, ఒక్కో చరణాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినాలి. పైగా మాండలికం. "ఇట్ల" అన్నాడా "గిట్ల" అన్నాడా అన్నది ఈ ప్రాజెక్టులో చిన్న విషయం కాదు.

మీ వేగం మీరే కొలుచుకోండి. పది నిమిషాల రికార్డింగు తీసుకుని, ఫోను పక్కన పెట్టి, గడియారం చూసుకుని రాయండి. పాట, మాట రెండూ కలిసిన భాగాన్ని ఎంచుకోండి. తేలిక భాగం తీసుకుంటే లెక్క మిమ్మల్నే మోసం చేస్తుంది. ఈ విద్యార్థినికి పది నిమిషాలకు గంట పట్టింది. అంటే గంట రికార్డింగుకు ఆరు గంటల పని.

ఇక గుణకారమే. మిగిలిన నాలుగు గంటల రికార్డింగుకు 24 గంటల పని. చేయాల్సిన మూడు ఇంటర్వ్యూలు, ఒక్కోటి గంటా ఇరవై నిమిషాల చొప్పున, మరో నాలుగు గంటల రికార్డింగు అవుతాయి. దానికి ఇంకో 24 గంటలు. మొత్తం 48 గంటలు. ఉదయం క్లాసులు ఉన్నాయి కనుక రోజుకు నిజంగా కూర్చోగలిగేది నాలుగు గంటలు. ఇక్కడ ఎనిమిది గంటలు వేసుకోవద్దు. పోయిన వారంలో రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నారో ఆ అంకెనే వేసుకోండి. అలా చూస్తే విని రాయడానికే 12 రోజులు కావాలి.

మిగతావి కలుపుదాం. ఇంటర్వ్యూలకు ప్రయాణంతో సహా రోజుకొకటి చొప్పున మూడు రోజులు, మూడో అధ్యాయం పూర్తికి మూడు, విశ్లేషణ అయిన నాలుగో అధ్యాయానికి ఆరు, ముగింపు అయిన ఐదో అధ్యాయానికి రెండు, మొత్తం ఒకసారి చదివి ఉపయుక్త గ్రంథాల పట్టిక సరిచూసుకోవడానికి రెండు. వెరసి 28 పని దినాలు. మార్చి 6 నుంచి మొదలుపెట్టి, ఆదివారాలు వదిలేసి, ఉగాదికీ శ్రీరామనవమికీ చెరో రోజు తీసేస్తే ఏప్రిల్ 9న తేలుతుంది. జ్వరానికో, కరెంటు పోవడానికో రెండు రోజులు కలిపితే, మధ్యలో ఆదివారం లేదు కనుక ఏప్రిల్ 11, శనివారం.

"ఒక వారం ఇవ్వండి" అని అడిగి ఉంటే గడువు మార్చి 23కు మారేది. ఆ రోజుకు పనిలో సగమే పూర్తవుతుంది. రెండోసారి అడగాల్సి రావడం ఆ మెయిల్ పంపిన రోజే ఖాయమైపోయేది.

చివరి తేదీ నుంచి వెనక్కి రండి

ఏప్రిల్ 30 ముందు ఏమేం జరగాలో వెనక నుంచి చూద్దాం. 28, 29 బైండింగుకు. విద్యా సంవత్సరం చివర బైండింగు షాపుల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో తెలిసిందే, ఒక్కరోజులో ఇస్తారని నమ్ముకోవద్దు. 27, సోమవారం గైడ్ సంతకం, శాఖాధిపతి సంతకం. 24, 25 చివరి ప్రూఫు, ప్రింటు. 17 నుంచి 23 దాకా గైడ్ చెప్పిన సవరణలు. ఇక మిగిలింది గైడ్ చదివే సమయం.

విద్యార్థులు రాసే ప్రణాళికల్లో ఎప్పుడూ కనిపించనిది ఈ చివరి వరసే. డ్రాఫ్టు ఇచ్చిన మర్నాడే సవరణలు మొదలైనట్టు రాస్తారు. గైడ్ దగ్గర మీలాంటి వాళ్లు ఐదారుగురు ఉంటారు. అదే నెలలో ప్రశ్నపత్రాలు, ప్రాక్టికల్స్, వైవాలు ఉంటాయి. వంద పేజీలు శ్రద్ధగా చదవడానికి పది, పన్నెండు రోజులు ఇవ్వాలి. మీరు అడిగే ప్రతి రోజూ ఆ పన్నెండు రోజుల్లోంచే పోతుంది. గడువు పొడిగింపు అంటే మీకు దొరికే అదనపు సమయం అనుకుంటాం. లెక్క వేసి చూస్తే అది గైడ్ సమయంలోంచి అరువు తెచ్చుకున్నది.

ఏప్రిల్ 11న డ్రాఫ్టు ఇస్తే, 16 దాకా గైడ్‌కు మిగిలేది ఐదు రోజులు. అది చాలదు. కాబట్టి పనిని తగ్గించాలి. ఏది తగ్గించాలి?

అయిన ఐదు ఇంటర్వ్యూల్లో నలుగురు మల్లన్న కథ చెప్పేవాళ్లు, ఒకరు బీరప్ప కథ చెప్పేవారు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు మళ్లీ మల్లన్న కథవాళ్లే, ఒకరు బీరప్ప కథ చెప్పేవారు. మల్లన్న కథకు ఇప్పటికే పోల్చి చూడటానికి సరిపడా ఉంది. బీరప్ప కథకు ఒక్కరే ఉంటే పోలికే సాధ్యం కాదు. కాబట్టి ఉంచాల్సింది ఆ బీరప్ప కథకుడిని. మిగతా ఇద్దరిని వదిలేస్తే రెండు ఇంటర్వ్యూ రోజులు, విని రాసే నాలుగు రోజులు, మొత్తం ఆరు రోజులు మిగులుతాయి. పని 22 రోజులకు తగ్గి ఏప్రిల్ 2న పూర్తవుతుంది. రెండు రోజులు కలిపి ఏప్రిల్ 4, శనివారం. అప్పుడు గైడ్‌కు 5 నుంచి 16 దాకా పన్నెండు రోజులు దొరుకుతాయి.

అయితే ఇంటర్వ్యూలు తగ్గించడం పరిశోధనకు సంబంధించిన నిర్ణయం. దాన్ని విద్యార్థి తనంతట తాను తీసుకుని తర్వాత చెప్పకూడదు. మెయిల్‌లో గైడ్ ముందు పెట్టాలి, తన సూచన ఏమిటో చెప్పాలి, తేల్చడం గైడ్‌కు వదలాలి.

ఒక సాంకేతిక విషయం కూడా ఇక్కడే చూసుకోండి. ప్రాజెక్టును "అను" ఫాంట్లలో టైపు చేయిస్తుంటే, యూనికోడ్‌లోకి మార్చాల్సిన అవసరం పడుతుందా అని శాఖలో ముందే అడగండి. మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు చెదురుతాయి. మొత్తం మళ్లీ ప్రూఫు చూడాలి. మీ విశ్వవిద్యాలయం ఎం.ఏ. ప్రాజెక్టులకూ, కాపీ ఉందేమో చూసే సారూప్యత తనిఖీ అడిగితే ఆ రోజులూ కలుపుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల్లో సారూప్యత 10 శాతం దాకా ఉంటే చర్య ఉండదు, అది దాటితే సవరించి మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. మన ఉదాహరణలో ఆ తనిఖీ లేదు, టైపింగు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే సాగుతోంది.

కారణం ఎలా చెప్పాలి

ఈ విద్యార్థిని ఆలస్యానికి కారణం కొమురవెల్లి మల్లన్న జాతర. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం మొదలై ఉగాది ముందు ఆదివారం దాకా అక్కడ జాతర సాగుతుంది. ఒగ్గు కళాకారులకు అది ఏడాదిలో పని దొరికే కాలం. దేవుడి ముందు ముగ్గులతో పట్నాలు వేయించుకునే భక్తులు, కథ చెప్పించుకునే ఇళ్లు, రోజంతా తీరిక ఉండదు. వాళ్లను కలవడానికి ఆమె ఫిబ్రవరి నెల పెట్టుకుంది. వెళ్లిన ప్రతిసారీ "జాతర అయినంక రా బిడ్డా" అన్నారు.

ఇందులో కళాకారుల తప్పు ఏమీ లేదు. జాతర తేదీలు ఆమెకు ముందే తెలుసు, లేదా తెలిసి ఉండాల్సింది. కాబట్టి "కళాకారులు సహకరించలేదు" అని రాస్తే అది నిజం కాదు, అంశం తెలిసిన గైడ్‌కు వెంటనే అర్థమైపోతుంది. "జాతర కాలంలో ఇంటర్వ్యూలు పెట్టుకోవడం నా పొరపాటు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం తర్వాత సంజాయిషీ అక్కర్లేదు. జాతర చివరి ఆదివారం మార్చి 15 అని, ఆ తర్వాత కళాకారుడు దొరుకుతారని చెబితే, కారణం తొలగిపోయే తేదీ కూడా గైడ్‌కు తెలుస్తుంది. కారణం ఎప్పుడు తీరుతుందో చెప్పని మెయిల్ చదివితే, కొత్త గడువు మీద కూడా నమ్మకం కలగదు.

కారణం ఆరోగ్యమో, ఇంట్లో కష్టమో అయినా ఇదే పద్ధతి. "ఆరోగ్యం బాగాలేక" అని వదిలేయకండి. "ఫిబ్రవరి 10 నుంచి 22 దాకా డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాను, ఇప్పుడు రోజుకు మూడు గంటలు కూర్చోగలుగుతున్నాను" అనండి. ఎన్ని రోజులు పోయాయి, ఇప్పుడు ఎంత పని చేయగలరు, ఈ రెండే గైడ్‌కు కావాలి. అంతకు మించి వ్యక్తిగత వివరాలు రాయనక్కర్లేదు. చెప్పుకోలేని కష్టమైతే "వివరాలు మిమ్మల్ని కలిసి చెప్పగలను" అని రాయండి, రోజుల లెక్క మాత్రం ఇవ్వండి.

మెయిల్

ఇప్పుడు రాద్దాం. గైడ్ తెలుగు శాఖవారు కాబట్టి తెలుగులోనే. మీ శాఖలో ఉత్తరాలు ఇంగ్లిషులో నడుస్తుంటే ఇదే వరసలో ఇంగ్లిషులో రాసుకోండి.

> విషయం: డ్రాఫ్టు గడువు మార్చి 16 నుంచి ఏప్రిల్ 4కు మార్చమని మనవి – ఒగ్గుకథ ప్రాజెక్టు, ఎం.ఏ. తెలుగు (రోల్ నంబరు)
>
> మేడమ్ గారికి నమస్కారం.
>
> నా ప్రాజెక్టు పూర్తి డ్రాఫ్టు మార్చి 16కు ఇస్తానని మీకు చెప్పాను. ఆ తేదీకి ఇవ్వలేకపోతున్నాను. ఏప్రిల్ 4, శనివారం వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాను. శాఖకు సమర్పించాల్సిన ఏప్రిల్ 30 తేదీలో మార్పు ఉండదు.
>
> ఇంటర్వ్యూలను ఫిబ్రవరిలో పెట్టుకున్నాను. కొమురవెల్లి జాతర సాగే కాలం కావడంతో కళాకారులకు తీరిక దొరకలేదు. ఆ కాలాన్ని ఎంచుకోవడం నా పొరపాటు. జాతర మార్చి 15తో ముగుస్తుంది.
>
> ఇప్పటికి ఒకటి, రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి, మూడోది సగమైంది. ఎనిమిదిలో ఐదు ఇంటర్వ్యూలు చేశాను. ఏడు గంటల రికార్డింగులో మూడు గంటలది విని రాశాను. గంట రికార్డింగు రాయడానికి నాకు ఆరు గంటలు పడుతోంది.
>
> సవరించిన ప్రణాళిక:
>
> మార్చి 9 – మూడో అధ్యాయం పూర్తి
> మార్చి 16 – మొదటి మూడు అధ్యాయాలు మీకు అందజేత. ఉన్న రికార్డింగులు రాయడం పూర్తి
> మార్చి 17 – ఆరో ఇంటర్వ్యూ, బీరప్ప కథ (కళాకారుడు ఒప్పుకున్నారు)
> మార్చి 20 – ఆ రికార్డింగు రాయడం పూర్తి
> మార్చి 28 – నాలుగో అధ్యాయం పూర్తి
> మార్చి 31 – ఐదో అధ్యాయం పూర్తి
> ఏప్రిల్ 4 – పూర్తి డ్రాఫ్టు మీకు
> ఏప్రిల్ 5–16 – మీ పరిశీలనకు
> ఏప్రిల్ 17–23 – సవరణలు
> ఏప్రిల్ 24–25 – చివరి ప్రూఫు, ప్రింటు
> ఏప్రిల్ 27 – సంతకాలు
> ఏప్రిల్ 28–29 – బైండింగు
> ఏప్రిల్ 30 – శాఖకు సమర్పణ
>
> ఒక విషయంలో మీ నిర్ణయం కావాలి. ఈ ప్రణాళికలో ఎనిమిదికి బదులు ఆరు ఇంటర్వ్యూలే ఉన్నాయి. వదిలేసిన ఇద్దరూ మల్లన్న కథ చెప్పేవారు, ఆ కథకు ఇప్పటికే నలుగురి రికార్డింగులు ఉన్నాయి. ఎనిమిదీ ఉండాలని మీరు భావిస్తే డ్రాఫ్టు ఏప్రిల్ 11న ఇవ్వగలను, అప్పుడు మీ పరిశీలనకు ఐదు రోజులే మిగులుతాయి. ఆరుతో సరిపెట్టడం మేలని నాకు అనిపిస్తోంది.
>
> మార్చి 9, సోమవారం మధ్యాహ్నం మీరు శాఖలో ఉంటారని తెలిసింది. అనుమతిస్తే అప్పుడు వచ్చి కలుస్తాను.
>
> నమస్కారాలతో,
> (పేరు, రోల్ నంబరు, ఫోను)

ఈ మెయిల్‌లో రెండు చోట్ల ఆగి చూడండి. మొదటిది మార్చి 16 వరస. పాత గడువు రోజున ఈ విద్యార్థిని ఖాళీ చేతులతో లేదు, మూడు అధ్యాయాలు ఇస్తోంది. దీనివల్ల గైడ్ చదవాల్సిన బరువు ఏప్రిల్‌లో ఒక్కసారిగా మీద పడదు. మూడో అధ్యాయంలో దారి తప్పి ఉంటే నాలుగోది రాసేలోపే తెలుస్తుంది కూడా. నాకు వచ్చే మెయిళ్లలో ఈ వరస ఉన్నవాటికి అనుమతి ఇవ్వడానికి నేను ఎప్పుడూ రెండోసారి ఆలోచించలేదు.

రెండోది "కళాకారుడు ఒప్పుకున్నారు" అన్న చిన్న మాట. ప్రణాళికలో మీ చేతిలో లేని పని ఏదైనా ఉంటే, అవతలివాళ్లను ముందే అడిగి తేదీ ఖాయం చేసుకున్నాకే రాయాలి. మార్చి 17న ఆయన దొరుకుతారో లేదో తెలియకుండా రాస్తే, దాని కింద ఉన్న తేదీలన్నీ ఊహలే.

పిలుపు గురించి ఒక మాట. "రెస్పెక్టెడ్ మేడమ్" కన్నా "మేడమ్ గారికి నమస్కారం" తెలుగు ఉత్తరంలో హాయిగా ఒదుగుతుంది. కొందరు గైడ్లకు "గురువుగారికి" అనడం అలవాటు, మీరు ఎదురుగా ఎలా పిలుస్తారో అలాగే రాయండి. వినయం పేరుతో "మీ పాదాలకు", "నన్ను క్షమించి కాపాడండి" వంటివి వద్దు. "ఇవ్వగలరు" అన్నది కూడా వద్దు. "గడువు ఇవ్వగలరు" అని చాలామంది మనవిగా రాస్తారు గాని, ఆ మాటకు అసలు అర్థం ఇచ్చే శక్తి మీకు ఉందని. "ఇవ్వమని కోరుతున్నాను" అంటే అర్థం తిన్నగా ఉంటుంది.

పంపడం

గడువుకు కనీసం పది రోజుల ముందు పంపాలి. మార్చి 5న పంపిన మెయిల్‌కూ, 15 రాత్రి పదకొండు గంటలకు పంపిన మెయిల్‌కూ తేడా ఎంతో ఉంది. మొదటిదానికి గైడ్ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, మార్పులు చెప్పవచ్చు. రెండోది ఆమెకు ఆ అవకాశమే ఇవ్వదు.

ప్రణాళికను మెయిల్‌లోనే, ఒక్కో తేదీ ఒక్కో వరసగా రాయండి. ఎక్సెల్ ఫైలో, పట్టికో జతచేయకండి. చాలామంది ఇలాంటి మెయిళ్లు ఫోన్లో చూస్తారు, పట్టిక గడులు చిన్న తెరమీద చెదిరిపోతాయి. ముందు మీకు మీరే పంపుకుని మీ ఫోన్లో తెరిచి చూడండి. వరసలన్నీ కలిసిపోయి ఒకే పేరాగా కనిపిస్తే మళ్లీ విడగొట్టండి. సహ గైడ్ ఉంటే సీసీలో పెట్టండి. శాఖాధిపతిని పెట్టకండి, ఆయన గడువును మీరు కదిలించడం లేదు కదా.

పంపాక వాట్సాప్‌లో ఒక్క వాక్యం చాలు: "మేడమ్, ప్రాజెక్టు గడువు గురించి మెయిల్ చేశాను, వీలైనప్పుడు చూడమని మనవి." మెయిల్ మొత్తం అక్కడ అతికించవద్దు. రెండు పని దినాల్లో జవాబు రాకపోతే వెళ్లి కలవండి, ప్రణాళిక ప్రింటు ఒకటి చేతిలో పట్టుకుని.

మన దగ్గర అనుమతి చాలావరకు నోటి మాటతోనే దొరుకుతుంది. కారిడార్‌లో ఎదురుపడి "సరేలే అమ్మా, నాలుగుకు ఇవ్వు" అంటారు. అది చాలనుకోవద్దు. ఆ సాయంత్రమే అదే మెయిల్‌కు జవాబుగా మూడు వాక్యాలు రాయండి: "ఈ రోజు మీరు చెప్పినట్టు పూర్తి డ్రాఫ్టు ఏప్రిల్ 4న ఇస్తాను. ఆరు ఇంటర్వ్యూలతోనే ముందుకు వెళుతున్నాను. మొదటి మూడు అధ్యాయాలు మార్చి 16న అందజేస్తాను." గైడ్ జవాబివ్వకపోయినా ఫరవాలేదు. నెల తర్వాత ఎనిమిది ఇంటర్వ్యూలు ఏమయ్యాయని ఎవరైనా అడిగితే, ఎప్పుడు ఏం అనుకున్నారో ఇద్దరి దగ్గరా ఉంటుంది.

గైడ్ తక్కువ రోజులు ఇస్తే, లేదా మళ్లీ వెనకబడితే

"ఏప్రిల్ 4 కుదరదు, మార్చి 28కి ఇవ్వు" అనవచ్చు. అప్పుడు సరేనని తలూపి బయటికి రాకండి. మీ దగ్గర లెక్క ఉంది, దాన్ని అక్కడే వాడండి. మార్చి 28కి 18 పని దినాలే ఉన్నాయి, పని 22 రోజులది. నాలుగు రోజుల పని తీసేయాలి. ఆరో ఇంటర్వ్యూ, దాన్ని విని రాయడం కలిపి మూడు రోజులు. చివరి పరిశీలనలో ఒక రోజు. "ఆరో ఇంటర్వ్యూ లేకుండా అయితే ఇవ్వగలను మేడమ్, కానీ బీరప్ప కథలో పోలిక ఉండదు. అది మీకు సమ్మతమేనా?" అని అడగండి. చాలాసార్లు గైడ్ అప్పుడు తేదీ దగ్గర మెత్తబడతారు, పోయేది ఏమిటో కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి.

కొత్త ప్రణాళిక కూడా జారవచ్చు. దాన్ని ఏప్రిల్ 3న కాదు, మార్చి 20న తెలుసుకోవాలి. ఆ రోజుకు విని రాయడం మొత్తం పూర్తయి ఉండాలి. మిగిలిన పనుల్లో కొలవడానికి వీలైనది అదొక్కటే, అందుకే పరీక్ష అక్కడ పెట్టాను. ఆ రోజున గంట రికార్డింగు మిగిలి ఉంటే ఆరు గంటలు వెనకబడ్డట్టు, అంటే రోజున్నర. కలిపి పెట్టుకున్న రెండు రోజుల్లో అది సర్దుకుంటుంది, ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండు గంటల రికార్డింగు మిగిలితే మూడు రోజులు వెనక. అది సర్దుకోదు. ఆ రోజే గైడ్‌కు రాయండి, రెండు వాక్యాలు చాలు: ఎంత మిగిలింది, డ్రాఫ్టు ఏ తేదీకి వస్తుంది. అప్పటికి గైడ్ చేతిలో మీ మొదటి మూడు అధ్యాయాలు ఉంటాయి, ఆమె చదవడం మొదలుపెట్టే ఉంటారు, ఏప్రిల్ 6కు ఒప్పుకోవడం ఆమెకు పెద్ద కష్టం కాదు.